నాన్నగారి చెవి మిషను: వద్దన్న దగ్గర్నుంచి అలవాటయ్యేదాకా

మా నాన్నగారికి డెబ్భై ఆరేళ్లు. అమలాపురం దగ్గర కాలువ గట్టు మీద ఊరు మాది. కొబ్బరి తోట, దింపులు, అంబాజీపేట వ్యాపారులతో బేరాలు, సాయంత్రం రామాలయం అరుగు మీద కబుర్లు, ఇదే ఆయన లోకం. ఆయన చెవి మిషను పెట్టుకోవడానికి ఒప్పుకునేసరికి ఏళ్లు పట్టింది. ఒప్పుకున్నాక అది అలవాటు కావడానికి ఇంకొన్ని నెలలు పట్టింది. ఈ రెండో భాగం గురించి మాకు ముందుగా ఎవరూ చెప్పలేదు. చాలా ఇళ్లలో మిషన్లు బీరువాలోకి చేరేది కూడా ఈ రెండో దశలోనే. అందుకే రెండూ రాస్తున్నాను.

నేను కాకినాడలో ఉంటాను, తమ్ముడు హైదరాబాద్‌లో. ఊళ్లో అమ్మా నాన్నగారే ఉంటారు. 2020లో అందరూ మాస్కులు కట్టుకున్న రోజుల్లో నాకు మొదటిసారి గట్టిగా అనుమానం వచ్చింది. మందుల షాపులో కుర్రాడు ఏదో అడిగితే నాన్నగారు అమ్మ వైపు తిరిగారు. పక్కింటాయన గుమ్మంలో నిలబడి మాట్లాడినా అంతే. అప్పటిదాకా ఆయన పెదాలు చూసి సగం మాట పట్టుకుంటున్నారని, పెదాలు కనపడకపోయేసరికి ఆ సగం పోయిందని అప్పుడు అర్థమైంది.

అడిగితే మాత్రం ఒకటే జవాబు. "నాకు బాగానే వినపడుతోంది. మీరే నోట్లో గొణుగుతున్నారు." ఇంకాస్త గట్టిగా చెబితే, "అలా అరుస్తావేంటమ్మా, నేనేమన్నా చెవిటివాణ్ణా?" అని కోపం. మాకది మొండితనంలా అనిపించేది. చెవి సంగతి కాస్త తెలిశాక ఆ రెండు మాటలూ అబద్ధం కావని తెలిసింది. వాటిని నమ్మడం దగ్గరే మా పని మొదలైంది.

వయసుతో వచ్చే వినికిడి లోపం సాధారణంగా అన్ని శబ్దాలనూ ఒకేలా తగ్గించదు. లోపలి చెవిలో శబ్దాన్ని నరానికి అందించే సన్నని కణాలుంటాయి. వాటిలో హెచ్చు స్థాయి, అంటే కీచుగా ఉండే శబ్దాలను పట్టుకునేవి ముందు దెబ్బతింటాయి. మోటారు మోత, ట్రాక్టరు చప్పుడు, గుళ్లో డోలు, మనిషి గొంతు, ఇవన్నీ ఎక్కువగా తక్కువ స్థాయి, అంటే బొంగురుగా ఉండే శబ్దాలు కాబట్టి బాగానే వినిపిస్తాయి. మాటలో అచ్చులకు బలం ఎక్కువ, అవీ వినిపిస్తాయి. స, శ, త, క, ప లాంటి హల్లులు మాత్రం సన్నగా, క్షణకాలం పలికి పోతాయి. మాటకీ మాటకీ తేడా చెప్పేవి అవే. అంటే ఎవరో మాట్లాడుతున్నారని నాన్నగారికి స్పష్టంగా వినపడుతుంది, ఏమన్నారో మాత్రం తేలదు. అలాంటప్పుడు ఎవరికైనా ఎదుటివాళ్లు గొణుగుతున్నారనే అనిపిస్తుంది.

అరుస్తున్నావన్న మాట కూడా నిజమే. ఇలాంటి చెవిలో చిన్న శబ్దం అసలు అందదు. కానీ శబ్దం కొంచెం పెరిగేసరికి అది ఒక్కసారిగా భరించలేనంత పెద్దదవుతుంది. చాలు అన్నదానికీ బాధ అన్నదానికీ మధ్య ఎడం చాలా తగ్గిపోతుంది. పైగా మనం అరిచినప్పుడు పెరిగేది అచ్చులే. హల్లులు పెద్దగా పెరగవు. చెవి నొప్పెడుతుంది, మాట మాత్రం అర్థం కాదు.

ఇది తెలిసిన తర్వాత ఇంట్లో "మీకు వినపడట్లేదు" అనే మాట పూర్తిగా మానేశాం. ఆ వాదనలో గెలిచేదేమీ లేదు. ఆయన అనుభవం ఆయనకు వినపడుతోందనే చెబుతోంది, మనం కాదంటే మనమే తప్పు మాట్లాడినట్టు.

ఈలోగా తమ్ముడు ఆన్‌లైన్‌లో చూసి రెండు వేల లోపు దొరికే ఒక చిన్న మిషను తెప్పించి పంపాడు. ఇలాంటివి చెవి పరీక్షతో సంబంధం లేకుండా వచ్చిన ప్రతి శబ్దాన్నీ ఒకేలా పెంచేస్తాయి. నాన్నగారికి పెంచాల్సిన అవసరం లేని ఫ్యాను హోరు, స్కూటరు మోత కూడా పెరిగాయి. దానికి తోడు చెవిలో సరిగ్గా కూర్చోక కుయ్‌మని కూత. అరగంట పెట్టుకుని తీసి బల్ల మీద పెట్టి, "చూశారుగా, ఇవన్నీ డబ్బు దండగ" అన్నారు. తమ్ముడిది మంచి ఉద్దేశమే. కానీ ఆ అరగంట మమ్మల్ని చాలా వెనక్కి నెట్టింది. ఒప్పుకోని మనిషికి మొదటి అనుభవం చెడితే, ఆ తర్వాత ఎంత మంచి మిషను గురించి చెప్పినా పాతదే గుర్తొస్తుంది.

దారి మళ్లించింది మా మాటలు కాదు, ఒక కొబ్బరి బేరం. పాత పరిచయమున్న వ్యాపారి ఫోన్లో వెయ్యి కాయలకు ధర చెప్పాడు. అతను చెప్పింది పదిహేను వేలు, నాన్నగారు విన్నది పదిహేడు వేలు. ఒక్క అక్షరం తేడా. కాయలు లెక్కపెట్టి లారీకి ఎక్కించాక డబ్బు దగ్గర మాట తేడా వచ్చింది. ఇద్దరూ అబద్ధం ఆడే మనుషులు కాదు. నాన్నగారు పదిహేను ప్రకారమే తీసుకుని పంపేశారు గానీ, రెండు రోజులు సరిగ్గా అన్నం తినలేదని అమ్మ చెప్పింది. డబ్బు కన్నా మాట పోయిందన్న బాధ ఆయనది. ఫోన్లో పెదాలు ఎలాగూ కనపడవు. మామూలు ఫోన్ లైను హెచ్చు స్థాయి శబ్దాలను చాలావరకు కోసేసి పంపుతుంది కాబట్టి ఇలాంటి చెవికి ఫోనే అన్నిటికన్నా కష్టం.

ఆ వారం ఊరెళ్లాను. అమ్మ ముందు, పిల్లల ముందు ఈ విషయం ఎత్తకూడదని ముందే అనుకున్నాను. పొద్దున్నే ఆయనతో తోటలోకి వెళ్లాను. అక్కడ ఫ్యాను లేదు, టీవీ లేదు, నేను ఎదురుగా కూర్చుంటే నా ముఖం కనపడుతుంది, మాట తేలిగ్గా అందుతుంది. చెవి గురించి మాట్లాడాలంటే ముందు వాళ్లకు వినపడే చోటు చూసుకోవాలి. హాల్లో టీవీ మోగుతుండగా నలుగురూ చుట్టూ చేరి నచ్చజెప్పబోతే, ఆయనకు సగం అందదు, అందిన సగం అవమానంగా ఉంటుంది.

"నాన్నగారూ, ఎవరితో మాట్లాడేటప్పుడు మీకు ఎక్కువ చికాగ్గా ఉంటోంది?" అని మాత్రం అడిగాను. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత ఆయనే చెప్పారు. ఫోన్లో బేరాలు. మా చిన్నపాప మాటలు, ఎందుకంటే దాని గొంతు సన్నం, మాట వేగం. అరుగు మీద నలుగురు ఒకేసారి నవ్వినప్పుడు ఎందుకు నవ్వారో తెలియకపోవడం. "అందుకే ఈ మధ్య అరుగు మీదకి తొందరగా వెళ్లి తొందరగా వచ్చేస్తున్నా" అన్నారు. ఆయన అరుగు మానేస్తున్నారని మాకెవరికీ తెలియదు. వినికిడి పరీక్షించి మిషను అమర్చే ఆడియాలజిస్టులు కూడా మొదట ఇదే అడుగుతారని తర్వాత చూశాను. ఎక్కడ, ఎవరితో, ఏ సందర్భంలో ఇబ్బందో రాసుకుని, మిషను పెట్టిన కొన్ని వారాల తర్వాత మళ్లీ అవే అడిగి మెరుగైందో లేదో చూస్తారు.

మిషను మాట అప్పుడు కూడా ఎత్తలేదు. చెవిలో గులిమి ఉందేమో ఒకసారి చూపించుకుందామని అడిగాను. డాక్టరుగారు కావాలంటే వినికిడి పరీక్ష కూడా చేస్తారని, చేయించుకోవాలో వద్దో అక్కడే మీరు చెప్పొచ్చని అన్నాను. మభ్యపెట్టి తీసుకెళ్తే ఒకసారి పనవుతుందేమో గానీ రెండోసారి కారెక్కరు. గులిమి చూపించుకోవడం సాకేమీ కాదు, అసలు మొదటి మెట్టే అది. పెద్ద వయసులో గులిమి గట్టిపడి చెవి దారి మూసుకుపోవడం చాలా మామూలు. కొందరికి అది తీయిస్తే చాలు, మిషనే అక్కర్లేదు. ముసలితనం అన్న ముద్ర పడని పని కాబట్టి నాన్నగారు వెంటనే "సరే పద" అన్నారు.

ఈఎన్‌టీ డాక్టరుగారు లైటుతో చూసి కుడి చెవిలో గులిమి గడ్డకట్టిందన్నారు. మెత్తబడటానికి కొద్ది రోజులు చుక్కల మందు వేయమని, తర్వాత తీస్తానని చెప్పారు. తలంటు రోజున వెచ్చని కొబ్బరి నూనె చెవిలో పోసుకునే అలవాటు నాన్నగారికి చిన్నప్పటి నుంచీ ఉంది. అది మానమన్నారు. పిన్నీసులు, పుల్లలు అసలే వద్దన్నారు. చెవిపొరకు చిల్లి ఉన్నవాళ్లకు నీళ్లు కొట్టి శుభ్రం చేయకూడదు, షుగరు ఉన్నవాళ్లకు జాగ్రత్తగా చేయాలి, కాబట్టి ఈ పని ఇంట్లో పిచికారీతో చేయబోవద్దు. గులిమి తీశాక కుడి వైపు కొంచెం తేలికైందన్నారు. కానీ మాటల ఇబ్బంది అలాగే ఉంది. అప్పుడు డాక్టరుగారు నా వైపు చూడకుండా నాన్నగారితోనే మాట్లాడారు. "ఇక మిగిలింది లోపల చెవి సంగతండి. ఎంత ఉందో తెలుసుకోవాలంటే పరీక్ష చేయాలి. నొప్పి ఉండదు, సూది ఉండదు. చేయించుకుంటారా?" నాన్నగారు "చేయండి" అన్నారు. ఆ ప్రశ్న నన్నడిగి ఉంటే జవాబు వేరేగా ఉండేదని నాకు గట్టి నమ్మకం.

పరీక్ష గది బయటి శబ్దం రాని చిన్న గది. హెడ్‌ఫోన్లు పెట్టి, చేతికి ఒక బటన్ ఇచ్చి, ఎంత సన్నగా వినిపించినా నొక్కమంటారు. 250 హెర్ట్జ్ నుంచి 8000 హెర్ట్జ్ దాకా ఒక్కో స్థాయిలో శబ్దాన్ని తగ్గిస్తూ పెంచుతూ, ఆ చెవి పట్టుకోగల అతి చిన్న శబ్దం ఎన్ని డెసిబెల్సో గుర్తు పెడతారు. తర్వాత చెవి వెనక ఎముక మీద ఇంకో పరికరం పెట్టి మళ్లీ చేస్తారు. రెండూ ఒకేలా తగ్గితే లోపం లోపలి చెవిదో నరానిదో. ఎముక ద్వారా బాగా వినపడి గాలి ద్వారా తగ్గితే లోపం బయటి చెవిదో మధ్య చెవిదో. అలాంటి వాటిలో కొన్ని మందులతోనో ఆపరేషన్‌తోనో బాగవుతాయి. అందుకే మిషను కొనే ముందు ఈ పరీక్ష తప్పదు.

ఫలితం గీసిన కాగితం మీద నాన్నగారి గీత ఎడమ నుంచి కుడికి దిగుతూ పోయింది. 500 హెర్ట్జ్ దగ్గర 30 డెసిబెల్స్, 1000 దగ్గర 40, 2000 దగ్గర 55, 4000 దగ్గర 70. పెద్దవాళ్లలో 25 దాకా మామూలుగా లెక్కవేస్తారు. రెండు చెవులూ ఇంచుమించు ఒకేలా ఉన్నాయి. ఆడియాలజిస్టు అమ్మాయి ఆ కాగితం నాన్నగారి ముందు పెట్టి, మోటారు చప్పుడు ఎక్కడ పడుతుందో, స, త, క, ప ఎక్కడ పడతాయో పెన్సిలుతో చూపించింది. ఆ తర్వాత నోటికి అట్ట అడ్డం పెట్టుకుని మామూలు గొంతుతో ఒక్కో మాట అంది. తను "కప్పు" అంటే నాన్నగారు "పప్పు" అన్నారు. "తాళం" అంటే "కాలం" అన్నారు. అట్ట తీసి అవే మాటలు మళ్లీ అంటే అన్నీ సరిగ్గా చెప్పారు. ఆయన ఆ కాగితం వైపు చాలాసేపు చూసి, "అయితే కొన్ని అక్షరాలు తూకంలో తగ్గి వస్తున్నాయన్నమాట" అన్నారు. ఆ అమ్మాయి "అంతేనండి, తాసు బాగానే ఉంది, కొన్ని సరుకులకే తగ్గుతోంది" అంది. ఏళ్ల తరబడి మేం చెప్పలేకపోయింది ఒక కాగితం, ఒక అట్టముక్క చెప్పాయి. పైగా అందులో ఆయన తప్పేమీ లేదు, మా గొణుగుడూ లేదు.

అలాగని అదే రోజు ఒప్పేసుకోలేదు. మూడు అభ్యంతరాలు చెప్పారు. ఊళ్లో అందరూ చూస్తారు. ఈ వయసులో అంత డబ్బెందుకు. పక్క వీధిలో ఒకాయన కొనుక్కుని పెట్టెలో పడేశాడు. ఈ మూడూ ఒకటి కాదు, మూడింటికీ ఒకే జవాబు పనిచేయదు.

మొదటిదానికి నేనేం చెప్పినా కూతురి మాటే అవుతుంది. పక్క ఊళ్లో రిటైరైన హైస్కూలు మాస్టారు ఒకాయన చాలా కాలంగా రెండు చెవులకూ పెట్టుకుంటున్నారు. నాన్నగారికి తెలిసిన మనిషే. ఆయన్ని కలిసి రమ్మన్నాను, నేను వెళ్లలేదు. మాస్టారు మిషను తీసి చేతిలో పెట్టి చూపించారట, వారం వారం ఏం చేస్తారో చెప్పారట. "ఆయన పెట్టుకున్నట్టు నేనిన్నాళ్లూ గమనించనేలేదు" అన్నారు నాన్నగారు వచ్చి. ఆ తర్వాత ఊరంతా చూస్తారన్న మాట ఆయన నోటి నుంచి రాలేదు.

డబ్బు సంగతిలో దాపరికం పెట్టలేదు. పేరున్న మిషన్లు ఒక్కో చెవికి పదిహేను ఇరవై వేల నుంచి మొదలై లక్ష పైదాకా పోతాయి. ధర పెరిగేకొద్దీ రద్దీలో శబ్దాన్ని వడకట్టే సామర్థ్యం, ఫోన్‌కు నేరుగా కలిసే సౌకర్యం పెరుగుతాయి. ఇంట్లో, తోటలో ఉండే మనిషికి మధ్య రకం సరిపోతుంది. ఆదాయం తక్కువున్న పెద్దవాళ్లకు కేంద్ర ప్రభుత్వ వయోశ్రీ యోజన కింద క్యాంపుల్లో మిషన్లు, కళ్లజోళ్లు ఉచితంగా ఇస్తారు. మండల కార్యాలయంలో అడిగితే చెబుతారు. మా నాన్నగారు మాత్రం తన కొబ్బరి డబ్బుతోనే కొంటానన్నారు. తమ్ముడు ఇవ్వబోతే వద్దన్నారు. సొంత డబ్బుతో కొన్నది పెట్టుకునే మనసు వేరని అమ్మ అభిప్రాయం, నాకూ అలాగే అనిపించింది.

మూడోది న్యాయమైన అభ్యంతరం. అందుకే ఆ పక్క వీధి ఆయన్నే కనుక్కున్నాం. ఆయన మిషను చెవిలో వదులుగా ఉండి కూత పెట్టేదట. అమ్మినవాళ్ల దగ్గరికి మళ్లీ వెళ్లలేదట. కూత అంటే మిషను నుంచి బయటికి తప్పించుకున్న శబ్దం మళ్లీ దాని మైకులోకే పోవడం. చెవి ఆకారానికి చేసే అచ్చు మార్చడమో, చివరి రబ్బరు సైజు మార్చడమో, గులిమి తీయడమో చేస్తే ఎక్కువసార్లు పోతుంది. అంటే ఆయన మిషను చెడిపోలేదు, సరిచేయించుకోవడం ఆగిపోయింది. అందుకని మేం కొనే చోట మూడు సంగతులు ముందే ఖాయం చేసుకున్నాం. ఇంటికి తీసుకెళ్లి కొన్నాళ్లు వాడి చూసే వీలుండాలి. సర్దుబాటుకు ఎన్నిసార్లు వచ్చినా విడిగా డబ్బు తీసుకోకూడదు. అమర్చేది కౌంటర్ మీది సేల్స్‌మన్ కాకుండా భారత పునరావాస మండలి, అదే ఆర్‌సీఐ, రిజిస్ట్రేషన్ ఉన్న ఆడియాలజిస్టు అయ్యుండాలి.

తమ్ముడు చెవి లోపల పూర్తిగా దాక్కునే చిన్నది కొనమన్నాడు. నాన్నగారి వేళ్లు కొబ్బరి పీచుతో, కత్తితో మొద్దుబారిన వేళ్లు. చిన్న మిషనుకు చిన్న బ్యాటరీ, దాన్ని మార్చడం ఆయన వల్ల కాదు. గులిమికి ఎక్కువగా చెడిపోయేవి కూడా అవే. చివరికి చెవి వెనక కూర్చునే రకం, రాత్రి పెట్టెలో పెడితే చార్జింగ్ అయ్యేది తీసుకున్నాం. మన ప్రాంతంలో కరెంటు పోతే ఎలా అని అడిగితే, ఒక రాత్రి చార్జి చేస్తే మర్నాడంతా వస్తుందన్నారు. చార్జింగ్ రకం వద్దనుకునేవాళ్లకు నారింజ రంగు స్టిక్కరుండే 13 నంబరు బ్యాటరీ పట్టుకోవడానికి కాస్త వీలుగా ఉంటుంది. నాన్నగారు మొదట కుడి చెవికి ఒకటే చాలన్నారు. రెండు చెవులకూ పెడితేనే శబ్దం ఎటు నుంచి వస్తుందో బాగా తెలుస్తుంది, రద్దీలోనూ మాట తేలుతుంది. అయినా మేం బలవంతం చేయలేదు.

ఇక అసలు కష్టం. నాన్నగారు కళ్లజోడుకు ఎప్పుడూ ఎదురు చెప్పలేదు. పెట్టుకున్న నిమిషంలోనే పేపర్లో అక్షరాలు కనపడ్డాయి. చెవి మిషను అలా కాదు. ఏళ్లుగా మెదడు వినని శబ్దాలన్నీ ఒక్కసారి వచ్చి పడతాయి. కంచం చప్పుడు, పేపరు తిప్పిన శబ్దం, కొబ్బరాకుల గలగల, తన చెప్పుల చప్పుడు. తన గొంతు తన తలలోనే మోగుతోందన్నారు. ఇది దాదాపు అందరూ చెప్పేదే. చెవి దారి పూర్తిగా మూసే రబ్బరు బదులు చిల్లులున్నది వేస్తే, తక్కువ స్థాయి వినికిడి బాగున్నవాళ్లకు అది చాలావరకు తగ్గుతుంది. నాన్నగారికి అలాగే మార్చారు. ఆడియాలజిస్టు మొదట్లో కావాల్సినంత శబ్దం పెట్టకుండా కొంచెం తక్కువలో మొదలుపెట్టి, వచ్చినప్పుడల్లా కాస్త కాస్త పెంచింది. ఇది ముందే చెప్పించుకోవడం ముఖ్యం. లేకపోతే మొదటి వారం "ఇంత డబ్బు పోసినా పూర్తిగా వినపడట్లేదు" అన్న అనుమానం వస్తుంది.

మొదటి వారం పొద్దున పూట కొద్దిసేపు, ఇంట్లో, అమ్మ ఒక్కతే మాట్లాడాలి. ఆ తర్వాత టీవీ వార్తలు. ఆ తర్వాత నాతో ఫోన్, స్పీకర్ పెట్టి. అరుగు దాని తర్వాత. పెళ్లిళ్లు, మార్కెట్టు అన్నిటికన్నా చివర. ఈ వరస ఆడియాలజిస్టు చెప్పిందే. విసుగొచ్చినప్పుడు తీసేయొచ్చని కూడా చెప్పింది. తీసేసినందుకు ఎవరూ ఏమీ అనకూడదన్నది మా ఇంటి నియమం.

నాన్నగారు కాయల లెక్క రాసే పాత నోటు పుస్తకంలో వెనక పేజీ తిప్పి, ఇబ్బంది పెట్టిన శబ్దాలు రాయడం మొదలుపెట్టారు. "గిన్నెలు - చెవిలో పొడిచినట్టు." "పాప - బాగుంది." "ఫ్యాను - హోరు." "ఫోను - ఇంకా తేలట్లేదు." ఆ పేజీ తీసుకెళ్లి ఆడియాలజిస్టు ముందు పెట్టారు. గిన్నెలకు పెద్ద శబ్దాల పరిమితి తగ్గించింది, ఫ్యానుకు తక్కువ స్థాయి కొంచెం కోసింది, ఫోనుకు విడిగా ఒక సెట్టింగ్ పెట్టింది. "బాగాలేదు" అని మాత్రం చెబితే ఎవరూ సరిచేయలేరు. ఏ శబ్దం, ఎక్కడ, ఎలా అని చెబితే కంప్యూటర్లో నిమిషాల్లో మారుతుంది. ఆ పుస్తకం వల్లే మా మిషను బీరువాలోకి వెళ్లలేదని నా నమ్మకం.

మేం నేర్చుకోవాల్సింది కూడా ఉంది. మిషను ఉందని వంటింట్లోంచి కేకేస్తే పనిచేయదు. అది దగ్గర్లో, ఎదురుగా ఉన్న మనిషి మాటనే బాగా పట్టుకుంటుంది. ముందు పేరు పెట్టి పిలవాలి, ఆయన చూశాక మాట్లాడాలి, అరవకుండా కాస్త నిదానంగా అనాలి. అర్థం కాకపోతే అదే మాట పదిసార్లు అనకుండా వేరే మాటల్లో చెప్పాలి. "పదిహేను" తేలకపోతే "ఒకటి, ఐదు" అని చెప్పడం నాన్నగారే వ్యాపారులకు నేర్పారు. ఇప్పుడు బేరం అయ్యాక అంకె మెసేజ్ పెట్టమంటున్నారు.

మన గోదావరి జిల్లాల తేమ ఈ మిషన్లకు శత్రువు. వానాకాలంలో, ఎండాకాలం చెమటకు, లోపల నీరు పట్టి శబ్దం తగ్గిపోతుంది. రోజూ పొడి గుడ్డతో తుడిచి, తేమ పీల్చే గుళికలున్న మూత డబ్బాలో పెట్టాలి. గుళికలు రంగు మారితే మార్చాలి. చార్జింగ్ రకానికి తేమ తీసే చార్జర్లు కూడా ఉంటాయి. శబ్దం తగ్గిందంటే ముందు చూడాల్సింది చివరన గులిమి అడ్డుపడిందేమోనని. మాకు ఎక్కువసార్లు అదే కారణమైంది.

ఇదంతా మెల్లగా ఒప్పించే దారి. కానీ మెల్లగా అన్నది అన్నిటికీ పనికిరాదు. ఒక చెవి ఉన్నట్టుండి, గంటల్లోనో రెండు మూడు రోజుల్లోనో, వినపడటం మానేస్తే అది వెంటనే చూపించాల్సిన జబ్బు. మొదటి కొద్ది రోజుల్లో మందు పడితేనే తిరిగొచ్చే అవకాశం ఎక్కువ. చెవిలోంచి చీము, రక్తం వచ్చినా, తల తిరిగి పడిపోతున్నా, ఒక చెవి రెండో దానికన్నా బాగా తగ్గినా, ఒక చెవిలోనే హోరు ఉన్నా నచ్చజెప్పడానికి నెలలు తీసుకోకూడదు. ఒక వైపే ఎక్కువగా తగ్గితే నరం మీద గడ్డ ఉందేమోనని డాక్టర్లు ఎంఆర్‌ఐ తీయిస్తారు. అప్పుడు మాత్రం "వద్దు" అన్న మాటను గౌరవిస్తూనే, ఇది మిషను గురించి కాదు, జబ్బు గురించి అని నేరుగా చెప్పాలి.

నాన్నగారు ఇప్పుడు పొద్దున కాఫీ తాగాక పెట్టుకుని రాత్రి అన్నం తిన్నాక తీస్తారు. ఎడమ చెవికి కూడా కావాలని ఆయనే అడిగి తీసుకున్నారు, అరుగు మీద ఎడమ పక్కన కూర్చునేవాళ్ల మాట అందడం లేదని. పెళ్లిళ్లలో మాత్రం మైకు మొదలయ్యాక తీసి జేబులో పెట్టుకుంటున్నారు. అక్కడ ఈ మిషను ఎంత బాగున్నా పనిచేయదని ఆడియాలజిస్టు కూడా ఒప్పుకుంది. స్పీకర్లకు దూరంగా, గోడకు వీపు ఆనించి కూర్చోమంది. ఏడాదికోసారి పరీక్ష చేసి సెట్టింగ్ మార్చుకోవాలి. ఈసారిది సంక్రాంతి తర్వాత ఉంది. నోటు పుస్తకంలో ఆ పేజీ సగం నిండింది.